సోమవారం చెప్పాల్సిన మాట

పర్చేజ్ మేడానికి లేదనడం చేతకాదు. సూదుల దగ్గర్నుంచి మంచాల దాకా ఆసుపత్రికి కావలసినవన్నీ కొనే కుర్చీలో కూర్చున్న మనిషికి ఆ ఒక్క మాట రాకపోవడం, వంటమనిషికి పొయ్యి వెలిగించడం రాకపోవడం లాంటిదే. ఇంట్లో మూడు నీళ్ళ ఫిల్టర్లున్నాయి. అందులో రెండు అట్టపెట్టెల్లోంచి బయటికే రాలేదు. అమ్మడానికొచ్చి గుమ్మంలో నిలబడి, చెమట తుడుచుకుంటూ గుక్కతిప్పుకోకుండా మాట్లాడే మనిషి మొహం మీద తలుపు వేయడం ఆవిడ వల్ల కాలేదు. "నీకా ఉద్యోగం ఇచ్చిన మహానుభావుడెవరో గానీ, ఒక్కసారి చూపించవే, దండం పెట్టుకుంటాను," అంటాడు మొగుడు.

అయినా పదకొండేళ్ళుగా నెట్టుకొచ్చింది. ఎలాగంటే, లేదనే పని తనమీద పెట్టుకోదు. కమిటీ ఒప్పుకోలేదండీ అంటుంది. రేటు కలవలేదండీ అంటుంది. ఏదో ఒక కాగితం వెనక్కి వెళ్ళి నిలబడి అక్కణ్ణుంచి జాలిగా చూస్తుంది. కంపెనీల వాళ్ళు అలాంటివి రోజుకి పది వింటారు కాబట్టి, ఆవిడ మాట పూర్తి కాకముందే బ్యాగు సర్దుకుని ఇంకో ఆసుపత్రికి పోతారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆవిడకీ తన జబ్బేమిటో తెలిసి రాలేదు.

కటింగ్ మాస్టారి దగ్గర తెలిసి వచ్చింది.

కటింగ్ మాస్టారంటే ఆసుపత్రికి పద్దెనిమిదేళ్ళుగా బట్టలు కుట్టి ఇస్తున్న పెద్దమనిషి. రెండు వీధుల అవతల, మందుల గోడౌను మీద పై అంతస్తులో ఆయన కుట్టుపని. ఆరుగురు ఆడవాళ్ళు మిషన్ల మీద, కోడలు లెక్కా డొక్కా, ఆయన కత్తెర. ఒకప్పుడు నర్సుల యూనిఫారాలు, వార్డుల కర్టెన్లు, రోగుల గౌన్లు అన్నీ అక్కణ్ణుంచే వచ్చేవి. రెండేళ్ళ కిందట యూనిఫారాలు రెడీమేడ్‌గా కొనడం మొదలైంది. ఆ తర్వాత మాస్టారికి చిరిగిన కర్టెన్లూ, ఊడిన నాడాలూ మిగిలాయి.

ఆవిడకి ఆయనంటే ఎందుకంత గౌరవమో చెప్పాలి. ఉద్యోగంలో చేరిన రెండో వారం, గౌన్లకి ఆర్డరు రాస్తూ పొడవు యాభై అంగుళాలని రాయాల్సిన చోట యాభై సెంటీమీటర్లని రాసింది. రెండొందల గౌన్లు. కాగితం అందిన పావుగంటలో మాస్టారు ఫోన్ చేశాడు. "అమ్మా, కొత్తగా పిల్లల వార్డేమైనా పెట్టారా? లేకపోతే ఈ గౌను మోకాలి దాకా కూడా కాదు, బొడ్డు దగ్గరే ఆగిపోతుంది," అన్నాడు. వేరేవాడైతే రాసింది రాసినట్టు కుట్టి పడేసేవాడు, తప్పు ఆవిడదే కదా. పావుగంటలో వచ్చిన ఆ ఫోను ఆవిడ ఉద్యోగం నిలబెట్టింది. ఈ సంగతి మాస్టారు ఆ తర్వాత ఎవరి దగ్గరా ఎత్తలేదు, ఆవిడ దగ్గర కూడా.

అలాంటి మాస్టారు ఈ వేసవి మొదట్లో ఒక ప్రతిపాదన పట్టుకొచ్చాడు. ఆపరేషన్ చేసేటప్పుడు రోగి ఒంటి మీద, కోసే చోటు మాత్రం వదిలి, మిగతా అంతా ఆకుపచ్చ గుడ్డలు కప్పుతారు. థియేటరు వాళ్ళు వాటిని డ్రేపులంటారు. వాడి పారేసేవి కాకుండా, ఉతికి, ఆవిరి యంత్రంలో శుద్ధి చేసి మళ్ళీ మళ్ళీ వాడే రకం కావాలని ఆసుపత్రి అనుకుంది. కొటేషన్లు పిలిచారు. ఒక పెద్ద కంపెనీ, మాస్టారు మిగిలారు. మాస్టారి ప్రతిపాదన అయిదు పేజీలు. కోడలు టైపు చేసింది. చివర్న ఆయన చేత్తో ఒక వాక్యం కలిపాడు: ఆర్డరు అందిన పది రోజుల్లో పని మొదలుపెడతాము, అందుకు మా మనుషులను సిద్ధంగా ఉంచుతాము.

ఇచ్చిన నమూనాలు రెండు నెలలు ఉతికారు. ఉతకడం, ఆరబెట్టడం, ఆవిరి యంత్రంలో పెట్టడం, మళ్ళీ ఉతకడం. అయిదు ఉతుకులకొకసారి థియేటరు పెద్ద సిస్టరు గుడ్డ కింద అద్దుడు కాగితం పెట్టి, పైన నీళ్ళు పోసి, గడియారం చూసుకుంటూ కూర్చునేది. ఆపరేషన్ బల్ల మీద తడి గుడ్డలోంచి అవతలికి దిగిందంటే దాంతోపాటు క్రిములూ దిగుతాయి. కాబట్టి అందులో మొహమాటాలేమీ లేవు. మాస్టారి గుడ్డ ఇరవై ఉతుకుల దాకా చుక్క దిగనివ్వలేదు. ఇరవై అయిదో ఉతుకుకి కాగితం మీద రూపాయి బిళ్ళంత మరక పడింది. ముప్పయ్యో ఉతుకుకి అరచేయంత. ఆసుపత్రి అడిగింది యాభై.

"కుట్టు మాత్రం ఆయనదే కుట్టు," అంది పెద్ద సిస్టరు సోమవారం కమిటీలో, నమూనా తిరగేసి చూపిస్తూ. "ముప్పయి ఉతుకులయ్యాయి, ఒక్క పోగు లేవలేదు. మిల్లు వాళ్ళు గుడ్డకి పూసిన పూతే నిలవలేదు. ఏం చేస్తాం? రోగి మీద వేసేది కదా."

నిర్ణయం పావుగంటలో అయిపోయింది. పెద్ద కంపెనీ గుడ్డ యాభై దాటింది, కాబట్టి పని ఆ కంపెనీకే. అయిదుగురిలో నలుగురు సంతకాలు పెట్టారు. అయిదో ఆయన, పెద్ద సర్జను, అప్పటికే ఫోన్లో సరేననేసి ఊరెళ్ళాడు, బుధవారం వచ్చి పెడతాడు. ఆ సంతకం వట్టి లాంఛనం.

ఈ ఆసుపత్రిలో ఒక అలవాటుంది. ముసలి సూపరింటెండెంటు పెట్టిన అలవాటు. నిర్ణయమైన రోజునే, పని రానివాళ్ళకి ముందు ఫోన్ చేసి చెప్పాలి. ఉత్తరం వారంలో పోతుంది, పని వచ్చినవాళ్ళకి మర్నాడు చెప్పినా కొంపలేం మునగవు. "వచ్చినవాడు ఎప్పుడు చెప్పినా సంతోషిస్తాడు. రానివాడికి మాత్రం ప్రతి గంటా లెక్కే," అంటాడాయన. ఆ సోమవారం కమిటీ లేస్తుంటే కూడా గుమ్మం దగ్గర ఆగి, "మాస్టారికి చెప్పేయమ్మా," అన్నాడు.

"చెబుతాను సార్," అంది.

చెప్పలేదు. సీటులో కూర్చుని ఫోను చేతిలోకి తీసుకుంది. భోజనాల వేళ, తినేటప్పుడు ఎందుకని పెట్టేసింది. మూడింటికి తీసింది. పక్క సీటు గుమాస్తా వింటాడని పెట్టేసింది. అయిదింటికి, ఇలాంటి మాట ఫోన్లో చెప్పడం మర్యాద కాదు, చక్కని ఉత్తరం రాసి, స్వయంగా వెళ్ళి చేతికివ్వాలి అనుకుంది. ఎంత గొప్ప ఆలోచనో! పిరికితనానికి ఇంత మంచి బట్టలు మాస్టారు కూడా కుట్టలేడు.

మంగళవారం పొద్దున్న పెద్ద కంపెనీ వాళ్ళకి ఫోన్ చేసి పని మీకే వచ్చిందని చెప్పింది. రెండు నిమిషాలు పట్టింది. అవతలివాడు పొంగిపోయాడు, ఈవిడ కూడా నవ్వింది. తర్వాత కాసేపటికి, వరస తప్పిందని గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

ఆ సాయంత్రం మాస్టారే చేశాడు.

"అమ్మా, బాగున్నారా? ఏం లేదు, ఊరికే చేశాను. డ్రేపుల సంగతి ఏమైనా తెలిసిందేమోనని."

ఆవిడ బల్ల మీది ఫైలు దగ్గరికి లాక్కుంది. "కమిటీ అయిందండీ మాస్టారూ. పెద్ద డాక్టరు గారి సంతకం ఒకటి మిగిలింది. ఆయన ఊళ్ళో లేరు."

అబద్ధం కాదు. అక్షరాలా నిజం. అందుకే ఆవిడ ఆ రాత్రి హాయిగా నిద్రపోగలిగింది కూడా.

"అలాగా," అన్నాడు మాస్టారు. వెనక మిషన్ల చప్పుడు వినిపిస్తోంది. "తొందరేం లేదమ్మా. గురువారంలోపు తెలిస్తే బాగుంటుంది. అంతే."

"తప్పకుండా చెబుతానండీ."

గురువారమే ఎందుకని ఆవిడ అడగలేదు. అడిగితే సంభాషణ పొడుగవుతుంది, పొడుగైతే అసలు మాట బయటపడుతుంది. ఎందుకో ఆయనా చెప్పలేదు. ఇద్దరు మర్యాదస్తులు ఫోన్ పెట్టేసి ఎవరి దారిన వాళ్ళు పోయారు.

బుధవారమంతా ఉత్తరమే. సర్జను వచ్చి సంతకం పెట్టి వెళ్ళాడు, ఆ వంక కూడా పోయింది. ఆవిడ రాసింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది. సాయంత్రానికి ఒకటిన్నర పేజీ తేలింది. గురువారం పొద్దున్న దాన్ని సూపరింటెండెంటుకి చూపించింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ఎర్ర పెన్సిలు తీసి, మొదటిసారి చదివాడు. రెండోసారి చదివాడు.

"ఇంతకీ మాస్టారికి పని వచ్చిందా, రాలేదా?" అన్నాడు.

"అదేంటి సార్! రాలేదనేగా రాశాను."

"ఎక్కడ?"

ఆవిడ వేలు పెట్టి చూపించింది. రెండో పేరాలో, నాలుగో వరసలో ఉంది. మీ ప్రతిపాదన ఎంతో ఆసక్తితో పరిశీలించిన మీదట, ప్రస్తుతానికి, కొన్ని సాంకేతిక కారణాల దృష్ట్యా, ముందుకు తీసుకువెళ్ళడం కొంత కష్టసాధ్యమని భావించడమైనది.

"ప్రస్తుతానికి," అని చదివి, ఆయన దానిమీద గీత గీశాడు. "అంటే ఎల్లుండి సాధ్యమా? ఇది చదివిన మనిషి సోమవారం మళ్ళీ ఫోన్ చేస్తాడమ్మా. కష్టసాధ్యం అంటే ఏమిటి? రేటు తగ్గిస్తే తేలికవుతుందా? సాంకేతిక కారణాలేమిటో రాస్తే ఆయన వచ్చేసారికి సరైన గుడ్డ తెచ్చుకోడూ?" పెన్సిలు ఇంకా కిందికి దిగింది. "ఇది చూడు. రాబోయే గౌన్ల పనిలో మీకు తప్పక అవకాశం కల్పించగలము. ఎవరు కల్పిస్తారు? నువ్వా? కొటేషన్లు తెరవకముందే?"

"ఆయన బాధపడతాడని సార్..."

"బాధ ఎలాగూ పడతాడు. దానికి తోడు ఆశ కూడా పెట్టి పంపుతున్నావు." ఆయన కళ్ళజోడు తీసి ఆవిడ వంక చూశాడు. "సోమవారం ఫోన్ చేసినప్పుడు ఏమన్నాడు?"

ఆవిడ బల్ల మీది ఉత్తరం అంచులు సరిచేయడం మొదలుపెట్టింది. ముసలాయనకి అర్థమైంది. కోప్పడలేదు, కోప్పడినా బాగుండేది. బీరువా మీదున్న గడియారం వంక చూసి, "పదిన్నరయింది. ఉత్తరం సరిచేసుకో. ఫోన్ మాత్రం ఇప్పుడే చెయ్యి," అన్నాడు.

అప్పుడైనా చేసి ఉండాల్సింది. సీటులోకి వచ్చి ఫోను చూసింది. ఇన్ని రోజులు ఆగి ఇప్పుడు ఫోన్లో చెబితే ఏం బాగుంటుంది, ఉత్తరం చేతిలో పెట్టుకుని వెళితే ఆ మర్యాదైనా దక్కుతుంది కదా అనుకుంది. ఉత్తరం తిరగరాసింది. ఈసారి కుదిరింది.

గౌరవనీయులైన మాస్టారు గారికి, అని మొదలుపెట్టింది. ఆపరేషన్ థియేటరు డ్రేపుల కోసం మీరు ప్రతిపాదన పంపినందుకు, రెండు నెలల పరీక్షకి ఓపికగా నమూనాలు ఇచ్చినందుకు కృతజ్ఞతలు. ఈ పని మీకు ఇవ్వలేకపోతున్నాము. కమిటీ తీసుకున్న ఈ నిర్ణయంలో మార్పు ఉండదు.

కారణం ఒకటే. మాకు యాభై ఉతుకుల వరకు తడిని ఆపే గుడ్డ అవసరం. మీ నమూనాలో ఇరవై అయిదో ఉతుకు దగ్గర తడి కిందికి దిగింది. పరీక్ష ఫలితాల కాగితం దీనితో జతపరిచాము. మీ కుట్టులో, కొలతల్లో, చెప్పిన తేదీకి ఇవ్వడంలో ఎటువంటి లోపమూ లేదని కమిటీ ప్రత్యేకంగా నమోదు చేసింది.

మా సరఫరాదారుల జాబితాలో మీ పేరు కొనసాగుతుంది. మూడు నెలల తర్వాత రోగుల గౌన్లకు, దుప్పట్లకు కొటేషన్లు పిలుస్తాము. అందరితో పాటు మీకూ ఆ పిలుపు పంపుతాము. పని ఇస్తామని ఇప్పుడే మాట ఇవ్వలేము, మీరు పాల్గొంటే మాత్రం సంతోషిస్తాము. డ్రేపుల ఒప్పందం రెండేళ్ళకి ముగుస్తుంది, అప్పటికి యాభై ఉతుకుల పరీక్షా పత్రం ఉన్న గుడ్డతో మీరు మళ్ళీ రావచ్చు.

సూపరింటెండెంటు చదివి, ఒక్క గీత కూడా గీయకుండా సంతకం పెట్టాడు. "ఇదీ ఉత్తరమంటే," అన్నాడు. ఫోన్ చేశావా అని మళ్ళీ అడగలేదు, చేసే ఉంటుందనుకున్నాడు. మధ్యలో ఆక్సిజన్ సిలిండర్ల బండి వచ్చింది, దాని కాగితాలు చూసేసరికి మధ్యాహ్నం గడిచింది. నాలుగింటికి, మిగిలిన నమూనాలు గుడ్డసంచీలో పెట్టుకుని బయల్దేరింది. గురువారంలోపు అన్నాడు, గురువారం ఇంకా అయిపోలేదు. నడుస్తూ ఆవిడ అలాగే లెక్కేసుకుంది.

గోడౌను మెట్లెక్కుతుంటే మందుల వాసన, పైకి వెళ్ళాక కొత్త గుడ్డ వాసన. మిషన్ల చప్పుడు లేదు. ఆరుగురు ఆడవాళ్ళూ ఉన్నారు గానీ, పాత కర్టెన్లకి రింగులు కుడుతూ చేతిపని చేసుకుంటున్నారు. పొడుగాటి కత్తిరింపు బల్ల ఖాళీ చేసి, తుడిచి, దాని మీద సుద్దతో గీతలు గీసి ఉన్నాయి. ఆవిడ దగ్గరికి వెళ్ళి చూసింది. డ్రేపు కొలతలు. మధ్యలో ఆపరేషన్ కంతకి గీసిన గుండ్రంతో సహా.

"రండమ్మా, రండి," అంటూ మాస్టారు కుర్చీ లాగాడు. మెళ్ళో టేపు, చెవి మీద సుద్దముక్క. "ఫోన్ చేస్తే నేనే వచ్చేవాణ్ణిగా. మీరెందుకు ఎండలో?"

ఆవిడ కూర్చోలేదు. కూర్చుంటే మళ్ళీ కుశల ప్రశ్నలు మొదలవుతాయని తనకే తెలుసు. "మాస్టారూ, డ్రేపుల పని మీకు రాలేదండీ," అంది. ఎట్టకేలకు అనేసింది. అనడానికి ఎంతసేపు పట్టిందని? గుక్కెడు మంచినీళ్ళు తాగినంత సేపు.

మిషన్ల దగ్గర చేతులు ఆగాయి.

మాస్టారు తలూపాడు. ఉత్తరం అందుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి, వెలుతురులో చదివాడు. పరీక్ష కాగితం కూడా చదివాడు, ఇరవై అయిదు అన్న అంకె దగ్గర వేలు పెట్టి కాసేపు నిలబడ్డాడు. "మిల్లువాడు అరవై అన్నాడు," అన్నాడు మెల్లగా. "మాట నమ్మాను, పరీక్ష కాగితం అడగలేదు. తప్పు నాదే." తర్వాత ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మంచి ఉత్తరమమ్మా. అనుమానం లేకుండా ఉంది. పద్దెనిమిదేళ్ళలో మీ ఆసుపత్రి నుంచి ఇంత శుభ్రమైన కాగితం నాకెప్పుడూ రాలేదు."

ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. ఇంత తేలిగ్గా అయిపోతుందనుకుంటే సోమవారమే వచ్చేదాన్ని కదా అనుకుంది కూడా. సరిగ్గా అప్పుడు కోడలు, లెక్కల పుస్తకం ముందు కూర్చున్న పిల్ల, తల ఎత్తకుండానే అడిగింది.

"ఇది ఎప్పుడు ఖాయమైంది మేడం?"

"కమిటీ అంటే... సోమవారం."

"సోమవారమా!" పిల్ల తలెత్తింది. "మామయ్యా, విన్నావా? సోమవారం."

"నువ్వూరుకోవే."

"ఎందుకూరుకోవాలి? పొద్దున్నేగా హాస్టలు వాళ్ళకి లేదని చెప్పావు!" కోడలు ఈవిడ వైపు తిరిగింది. "కాలేజీ హాస్టలు మేడం. పరుపుల గలీబులు, దిండు గలీబులు, అన్ని గదులకీ కర్టెన్లు. అయిదు నెలల పని. పోయిన శుక్రవారం వాళ్ళంతట వాళ్ళే వచ్చి అడిగారు. పిల్లలొచ్చే లోపు మొదటి విడత అందాలి కాబట్టి గురువారం మధ్యాహ్నంలోపు ఏ సంగతో చెప్పమన్నారు. ఆరుగురితో రెండు పనులూ అవ్వవు. మామయ్య మీ కోసం ఆగాడు. మంగళవారం మీకు ఫోన్ చేస్తే, సంతకం ఒకటి మిగిలిందన్నారుట. నలుగురు పెట్టి ఒకరిది మిగిలిందంటే పని మనదే అయ్యుంటుంది, కాకపోతే అప్పుడే చెప్పేవారుగా, మేడం అలాంటి మనిషి కాదు అన్నాడు. ఇవాళ పదకొండు దాకా చూసి వాళ్ళకి ఫోన్ చేసేశాడు."

పదకొండు. ఎర్ర పెన్సిలు గీతలు పడ్డది పదిన్నరకి.

పర్చేజ్ మేడం సంచీ రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. "మాస్టారూ, హాస్టలు సంగతి నాకు చెప్పి ఉండాల్సింది కదండీ. ఒక్క మాట అని ఉంటే..." అంది. ఆ మాట నోట్లోంచి వచ్చాక, తప్పు ఆయన నెత్తిన పెడుతున్నానని తెలిసి ఆగిపోయింది.

"చెబితే మిమ్మల్ని తొందరపెట్టినట్టుండదూ?" అన్నాడు మాస్టారు. "పైగా ప్రతిపాదనలో నా చేత్తో రాశాను, మనుషుల్ని సిద్ధంగా ఉంచుతానని. మీరు కాదనేదాకా ఆ మాట మీద ఉండాలిగా."

"ఇప్పుడు చేయండి వాళ్ళకి. నేను మాట్లాడతాను. తప్పు మా వల్ల జరిగిందని చెబుతాను. మీరు లేదని చెప్పి అయిదు గంటలేగా అయింది."

మాస్టారు నవ్వాడు. కోపం లేని నవ్వు, అదే ఆవిడకి భరించరానిదైంది. "నేను వట్టిగా లేదని ఊరుకోలేదమ్మా. వాళ్ళకీ పిల్లలొచ్చే రోజు ముంచుకొస్తోంది కదా. ఇది నావల్ల కాదు, వేరేచోట మాట ఇచ్చాను, మీరు నాకోసం ఆగొద్దు అని చెప్పి, మార్కెట్ వెనక మిషన్లు పెట్టుకున్న అక్కాచెల్లెళ్ళు ఉన్నారే, వాళ్ళ నంబరిచ్చాను. మధ్యాహ్నానికే వాళ్ళతో మాట్లాడుకున్నారు. ఇందాకే ఆ పెద్దావిడ ఫోన్ చేసి దండాలు పెట్టింది. ఇప్పుడు వెళ్ళి వాళ్ళ నోటి దగ్గర కూడు లాక్కోమంటారా?"

ఆయన లేదని చెప్పడానికి పట్టింది ఒక్క ఫోను. ఆ ఒక్క ఫోనులో హాస్టలు వాళ్ళకి దారి దొరికింది, అక్కాచెల్లెళ్ళకి పని దొరికింది, వచ్చే ఏడు అవసరమొస్తే మొదట మీ దగ్గరికే వస్తామని హాస్టలు వాళ్ళచేత అనిపించుకున్నాడు కూడా, కోడలు తర్వాత చెప్పింది. ఈవిడ మర్యాద కోసం నాలుగు రోజులు తీసుకుంది. మూడు చిత్తుప్రతులు రాసింది. ఆ మర్యాదంతా తన మొహం కాపాడుకోవడానికేనని, మాస్టారి కోసం అందులో ఒక్క గంట కూడా లేదని, ఆ ఖాళీ బల్ల ముందు నిలబడితే గానీ ఆవిడకి బోధపడలేదు.

"సోమవారం చెప్పుంటే బాగుండేదమ్మా," అన్నాడు మాస్టారు. నిష్ఠూరంగా అనలేదు. వాన ముందే వస్తే బాగుండేది అన్నట్టు అన్నాడు.

"క్షమించండి మాస్టారూ. తప్పు నాది. కమిటీది కాదు, సంతకానిది కాదు. నాదే." పదకొండేళ్ళలో ఆవిడ ఏ కాగితం వెనకా నిలబడకుండా మాట్లాడటం అదే మొదలు.

"సరేలెండి. ఇక దాని సంగతి వదిలేయండి." ఆయన ఆవిడ చేతిలోంచి సంచీ అందుకుని, నమూనాలు ఒక్కొక్కటే తీసి లెక్క చూసుకుని, అందినట్టు చీటీ రాసి సంతకం పెట్టాడు. ముప్పయిసార్లు ఉడికిన డ్రేపు అంచు బొటనవేలితో తడిమి చూశాడు. కుట్టు చెక్కుచెదరలేదు.

ఆవిడ చీటీ పర్సులో పెట్టుకుంది. కదలబుద్ధి కాలేదు. "మాస్టారూ, గౌన్లకి పిలుపు మూడు నెలల్లో వస్తుంది. ఉత్తరంలో రాశాం కదా. అందులో గుడ్డ మామూలు నూలు గుడ్డే, పూతలూ గీతలూ లేవు. మీ పనికి సాటి ఎవరూ రారు. నేను మాట ఇవ్వకూడదు, ఇవ్వను. కానీ మీరు తప్పక కొటేషన్ వేయండి. వేస్తారు కదూ?"

మాస్టారు ఆడవాళ్ళ వైపు చూశాడు. మళ్ళీ ఈవిడ వైపు తిరిగాడు. వాళ్ళకి వినపడకుండా గొంతు తగ్గించాడు గానీ, ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు.

"వేయనమ్మా," అన్నాడు. "మీరు అడిగినందుకు సంతోషం. అడగడమే పెద్ద మాట. కానీ ఈసారికి నావల్ల కాదు. మూడు నెలలు ఈ ఆరుగురినీ పనిలేకుండా కూర్చోబెట్టలేను. రెడీమేడ్ షర్టుల కంపెనీలో నలుగురికి చోటుంది, సోమవారం నుంచి అక్కడికి వెళ్ళమని వీళ్ళకి ఇప్పుడే చెప్పేస్తాను. మిగిలే ఇద్దరితో, కోడలితో, వందల గౌన్లు చెప్పిన తేదీకి ఇవ్వలేను. ఇవ్వలేని పనికి కాగితం పంపితే మీరు నామీద లెక్క పెట్టుకుంటారు. అది తప్పు."

"మరి..."

"వచ్చే ఏడు మళ్ళీ అడగండి. జాబితాలోంచి పేరు తీయొద్దు. అప్పటికి చేతిలో మనుషులుంటే చేస్తాను. లేకపోతే లేదని ఆ రోజే చెబుతాను."

ఆవిడ తలూపింది. ఇంకేమీ అడగలేదు, బతిమాలలేదు. ఆయన మాటలో బతిమాలడానికి సందు లేదు, నొచ్చుకోవడానికీ లేదు.

మెట్లు దిగుతుంటే పైనుంచి మాస్టారి గొంతు వినిపించింది. "అమ్మాయిలూ, కాసేపు ఇలా రండి. మీతో ఒక మాట చెప్పాలి." కుర్చీలు జరిగిన చప్పుడయింది. ఆవిడ మెట్ల మధ్యలో ఆగింది. చెవులు మూసుకోవాలనిపించింది గానీ మూసుకోలేదు. నాలుగు పేర్లు పిలిచి, సోమవారం నుంచి ఎక్కడికి వెళ్ళాలో, ఎవరిని కలవాలో, ఎందుకు వెళ్ళాల్సి వస్తోందో మాస్టారు ఒక్కొక్కరికీ చెబుతుంటే, మొత్తం అయ్యేదాకా గోడ పట్టుకుని అక్కడే నిలబడి వింది.